ఒకే ఫైలు, రెండు షార్ప్‌లు

కంప్యూటర్‌తో షేర్లు కొని అమ్మించే ఆల్గో ఒకటి పది రోజులు నడిచిందనుకుందాం. దాని పక్కనే ఇంకో చిన్న రొటీన్ నడుస్తుంటుంది. కొనడం, అమ్మడం దాని పని కాదు. ఖాతాలో ఇప్పుడు మొత్తం ఎంత విలువ ఉందో చూసి ఫైలులో ఒక వరుస రాయడమే దాని పని. రోజు చివరి వరుసలు మాత్రం ఏరి పెడితే ఆ ఫైలు ఇలా ఉంటుంది. ఉదాహరణ కోసం కట్టిన అంకెలివి.

```
day,equity,flow
0,500000,0
1,505000,0
2,510000,0
3,499800,0
4,489600,0
5,583704,100000
6,590708,0
7,590708,0
8,595434,0
9,592457,0
10,601344,0
```

మొదటి నిలువు వరుస రోజు, రెండోది ఖాతా విలువ, మూడోది ఆ రోజు బయటినుంచి వేసిన లేదా తీసిన డబ్బు. ఈ ఫైలునే ఇద్దరికి ఇచ్చి మాగ్జిమమ్ డ్రాడౌన్, షార్ప్ రేషియో కట్టమన్నామనుకోండి. ఒకరు 4 శాతం డ్రాడౌన్, 5.1 షార్ప్ అంటారు. ప్రపంచంలోని పేరుమోసిన ఫండ్లు కూడా ఏళ్ల తరబడి నిలబెట్టుకోలేని షార్ప్ అది. రెండోవారు 4.96 శాతం డ్రాడౌన్, మైనస్ 0.37 షార్ప్ అంటారు. అంటే ఆ డబ్బు ప్రభుత్వ ట్రెజరీ బిల్లులో పడేసి ఊరుకున్నా ఇంతకన్నా నయంగా ఉండేదన్నమాట. ఇద్దరూ వాడింది ఒకే సూత్రం. కూడికల్లో, భాగహారాల్లో ఇద్దరూ తప్పు చేయలేదు. మొదటి మనిషి మూడో నిలువు వరుస చూడలేదు, అంతే.

పాత ధరల మీద పరీక్షించి చూసే బ్యాక్‌టెస్ట్‌లో ఈ బెడద ఉండదు. అక్కడ మధ్యలో డబ్బు వేసేవారు లేరు, ఇంటర్నెట్ పోదు, ధర ఖాళీగా రాదు. నిజమైన ఖాతాలో ఇవన్నీ జరుగుతాయి. సూత్రాలు నాలుగు వరుసల్లో అయిపోతాయి. కష్టమంతా ఆ ఫైలులోకి ఏ అంకె వెళ్తోందన్న దగ్గరే ఉంది.

ముందు డ్రాడౌన్

ఖాతా విలువ ఇప్పటిదాకా చేరిన అత్యధిక స్థాయి నుంచి ఇప్పుడు ఎంత శాతం కిందికి దిగిందో అదే డ్రాడౌన్. వరద తీసాక గోడ మీద మిగిలే నీటి గుర్తు లాంటిది ఆ అత్యధిక స్థాయి. నీళ్లు ఎంత దిగినా గుర్తు అక్కడే ఉంటుంది, ఇంకా పెద్ద వరద వస్తేనే పైకి జరుగుతుంది. ఇలా ప్రతి వరుసకూ వచ్చే డ్రాడౌన్‌లలో అన్నిటికన్నా పెద్దదే మాగ్జిమమ్ డ్రాడౌన్. కొందరు మొత్తం ఫైలులో గరిష్ఠం, కనిష్ఠం తీసుకుని ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తారు. అది తప్పు. కనిష్ఠం ముందే వచ్చి గరిష్ఠం తర్వాత వచ్చి ఉండవచ్చు. అది పతనం కాదు, పెరుగుదల. వరుసలను కాలక్రమంలో ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి.

```
peak = 0
max_dd = 0
for v in index:
    peak = max(peak, v)
    dd = (peak - v) / peak
    max_dd = max(max_dd, dd)
```

మన ఫైలులో రెండో రోజు రూ. 5,10,000 దగ్గర శిఖరం. నాలుగో రోజుకు రూ. 4,89,600. తేడా 20,400. దాన్ని 5,10,000తో భాగిస్తే సరిగ్గా 4 శాతం. ఐదో రోజు ఉదయం మార్కెట్ తెరవకముందు యజమాని లక్ష రూపాయలు వేశాడు. సాయంత్రానికి ఖాతాలో రూ. 5,83,704 ఉంది. పై కోడ్‌కు నేరుగా ఖాతా విలువ ఇస్తే దాన్ని కొత్త శిఖరం అనుకుంటుంది, డ్రాడౌన్ సున్నా అయిపోయిందని చెబుతుంది. నిజానికి ఆ రోజు కూడా ఆల్గో నష్టపోయింది. ఉదయం చేతిలో ఉన్నది 4,89,600 కాదు, లక్ష కలిపి 5,89,600. సాయంత్రం మిగిలింది 5,83,704. సరిగ్గా ఒక శాతం పోయింది. పతనం ఇంకా సాగుతూనే ఉంది, కొత్త డబ్బు దాన్ని కప్పేసింది.

దీనికి సరైన విరుగుడు ఖాతా విలువను పక్కన పెట్టి ఒక సూచీని కట్టుకోవడం. మ్యూచువల్ ఫండ్ ఎన్‌ఏవీ చేసేది ఇదే. సున్నా రోజున సూచీ 100. ప్రతిరోజూ సాయంత్రం విలువను, నిన్నటి సాయంత్రం విలువకు ఇవాళ ఉదయం వేసిన డబ్బు కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చిన గుణకంతో సూచీని హెచ్చించాలి. మన ఖాతా సూచీ 100, 101, 102, 99.96, 97.92 మీదుగా ఐదో రోజుకు 96.94కి దిగుతుంది. 102 నుంచి 96.94కు పతనం 4.96 శాతం. ఇదీ అసలు మాగ్జిమమ్ డ్రాడౌన్.

దగ్గరి దారిగా ఇంకో సవరణ తోస్తుంది: ఐదో రోజు నుంచి ప్రతి విలువలోంచీ లక్ష తీసేస్తే పోలేదా? పోదు. ఆరో రోజు ఖాతా 5,83,704 నుంచి 5,90,708కి పెరిగింది, అంటే 1.2 శాతం. లక్ష తీసేసి చూస్తే 4,83,704 నుంచి 4,90,708, అంటే 1.45 శాతం. దాదాపు ఆరు లక్షల పెట్టుబడితో సంపాదించింది ఐదు లక్షల లోపు పెట్టుబడి లెక్కన కనిపిస్తోంది. లాభమైనా నష్టమైనా ఆనాటి నుంచి ప్రతిరోజూ కాస్త ఉబ్బుతుంది. వేసిన మొత్తం ఎంత పెద్దదైతే ఉబ్బు అంత పెద్దది.

తీసుకున్న డబ్బుకూ ఇదే న్యాయం. నెలాఖరున యాభై వేలు ఇంటి ఖర్చులకు తీసుకుంటే, మూడో నిలువు వరుస లేని ఫైలు దాన్ని పెద్ద పతనంగా చూపిస్తుంది. అయితే బ్రోకరేజీ, ఎస్‌టీటీ, స్టాంపు డ్యూటీ, జీఎస్‌టీ వంటివి ఈ వరుసలోకి రాకూడదు. అవి వ్యాపారం ఖర్చులు, రాబడిలోంచే పోవాలి. డివిడెండ్ రాబడే, బయటినుంచి వేసిన సొమ్ము కాదు. ఆల్గో నడిపే సర్వర్ అద్దె, ధరల డేటాకు కట్టే చందా సాధారణంగా బ్యాంకు ఖాతా నుంచి విడిగా పోతాయి కాబట్టి ఏ ఈక్విటీ కర్వ్‌లోనూ కనిపించవు. చిన్న పెట్టుబడి మీద ఆల్గో నడిపేవారికి రాబడిలో పెద్ద ముక్కను తినేసేది తరచు ఇవే. వాటిని నెలకోసారి చేత్తోనైనా నష్టంగా రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఏ విలువ రాస్తున్నాం?

బ్రోకర్ ఏపీఐని అడిగితే డబ్బుకు సంబంధించిన అంకెలు చాలా వస్తాయి. అందులో అందుబాటులో ఉన్న మార్జిన్ ఒకటి. కొత్తగా రొటీన్ రాసేవారి చెయ్యి మొదట దాని మీదే పడుతుంది. పొజిషన్ తీసుకోగానే మార్జిన్ బ్లాక్ అవుతుంది, ఆ అంకె దబ్బున పడిపోతుంది, మూసేయగానే మళ్లీ లేస్తుంది. ఒక్క రూపాయి పోకపోయినా ఫైలు ముప్పై శాతం డ్రాడౌన్ చూపిస్తుంది. ఇది చూడగానే దొరికిపోయే తప్పు గనక పెద్దగా భయపడనక్కర్లేదు.

భయపడాల్సింది దీనికి తలకిందులైన తప్పుకు. ఖాతాలోని నగదు మాత్రమే రాసే రొటీన్ ఉంటుంది. అది ముగిసిన లావాదేవీల లాభనష్టాలే చూస్తుంది. చేతిలో ఉన్న పొజిషన్ ఎంత నష్టంలో ఉన్నా, అమ్మేదాకా ఆ నష్టం ఫైలుకు తెలియదు. లాభం రాగానే అమ్మేసి, నష్టంలో ఉన్నవాటిని యావరేజ్ చేసుకుంటూ పట్టుకుని కూర్చునే ఆల్గోకు ఈ ఫైలు మెట్లు కట్టినట్టు పైకి పోతున్న అందమైన గీతను ఇస్తుంది. మెటాట్రేడర్ సాఫ్ట్‌వేర్ బ్యాలెన్స్ డ్రాడౌన్‌నూ ఈక్విటీ డ్రాడౌన్‌నూ వేరువేరుగా చూపించేది ఇందుకే. ఆ రెంటి మధ్య ఎడం ఎక్కువగా ఉంటే, నష్టాన్ని ఎక్కడో దాచుకునే పద్ధతి అది.

మన దగ్గర ఆప్షన్లు అమ్మేవారికి ఇది ఇంకా విచిత్రంగా ఎదురవుతుంది. ఆప్షన్ అమ్మి పన్నెండు వేల ప్రీమియం తీసుకుంటే నగదు లెక్కలో ఆ మొత్తం వెంటనే జమ. ఏమీ సంపాదించకుండానే ఖాతా పెరిగినట్టుంటుంది. రాయాల్సింది నగదులోంచి ఆ ఆప్షన్‌ను ఇప్పటికిప్పుడు తిరిగి కొనడానికి అయ్యే ఖర్చును తీసేసిన విలువ. అందులోనూ చివరిగా ట్రేడ్ అయిన ధరను నమ్మలేం. దూరపు స్ట్రైక్‌లలో ఆఖరి ట్రేడ్ అరగంట కిందటిదై ఉండవచ్చు. ఈలోగా నిఫ్టీ ఎక్కడికో పోయి ఉంటుంది. ఇప్పుడు అమ్మేవాళ్లు ఎంత అడుగుతున్నారో ఆ ధరతో లెక్కగడితే కాస్త కఠినంగా ఉంటుంది కానీ నిజానికి దగ్గరగా ఉంటుంది.

షేర్లు డెలివరీకి తీసుకునేవారికి ఇంకో చిక్కు. ఇవాళ అమ్మిన షేర్ల డబ్బు సెటిల్ కావడం మరుసటి పని దినాన. ఆ మధ్యలో షేర్లు హోల్డింగ్స్‌లో ఉండవు, సొమ్ము పూర్తిగా నగదు పద్దులోకి ఎక్కకపోవచ్చు. రొటీన్ రెండు చోట్లే వెదికితే ఖాతా ఒక రాత్రికి కుంగి, మర్నాడు తేరుకుంటుంది. ఇలాంటి ఒక్కరోజు గొయ్యి కనిపిస్తే మొదట అనుమానించాల్సింది మార్కెట్‌ను కాదు, సెటిల్‌మెంట్‌ను.

సాయంత్రం చూస్తే ఒకటి, నిమిషానికి చూస్తే ఒకటి

2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ముందురోజు నిఫ్టీ ముగింపు 23,263.90. ఫలితాల రోజు ముగింపు 21,884.50. ముగింపు నుంచి ముగింపుకు పతనం 5.9 శాతం. కానీ ఆ రోజు మధ్యలో సూచీ 21,281.45 దాకా వెళ్లింది. అది 8.5 శాతం. కేవలం సాయంత్రం వరుసలు రాసుకున్నవాడి ఫైలులో ఆ రెండున్నర శాతం అసలు జరగనే లేదు. మార్జిన్ చాలక మధ్యాహ్నమే బ్రోకర్ పొజిషన్లు కోసేసినవాడికి మాత్రం ఆ రెండున్నర శాతమే మొత్తం కథ.

మన పది రోజుల ఫైలు వెనకాల నిమిషానికో వరుస ఉన్న పెద్ద ఫైలు ఉంది. అందులో రెండో రోజు మధ్యాహ్నం ఖాతా 5,14,000 తాకింది. నాలుగో రోజు ఉదయం 4,79,400కి దిగింది. ఈ రెంటి మధ్య పతనం 6.73 శాతం. సాయంత్రపు లెక్కలో ఇదే రెండు రోజుల మధ్య కనిపించింది 4 శాతమే. ఏది సరైనది? రెండూ సరైనవే, కానీ ఒకదాన్ని ఇంకోదానితో పోల్చకూడదు. ఎంత తరచుగా చూస్తే డ్రాడౌన్ అంత పెరుగుతుంది తప్ప తగ్గదు. అందుకని మాగ్జిమమ్ డ్రాడౌన్ చెప్పేవారెవరైనా అది ముగింపు విలువలదో నిమిషాలదో కూడా చెప్పాలి. చెప్పకపోతే ముగింపులదే అనుకోండి, తక్కువగా కనిపించేది అదే కాబట్టి.

నిమిషానికో వరుస రాయడంలో ఒక ప్రమాదం ఉంది. మాగ్జిమమ్ డ్రాడౌన్‌ను నిర్ణయించేది మొత్తం ఫైలులో రెండే రెండు వరుసలు, శిఖరమూ లోయా. తొంభై వేల వరుసలు సరిగ్గా ఉండి ఒక్కటి తప్పయినా ఫలితం ఆ ఒక్కదానిదే. ఏపీఐ ఒక క్షణం ధర ఇవ్వలేకపోతే, రొటీన్ దాన్ని సున్నాగా తీసుకుంటే, ఆ షేర్ల విలువ మొత్తం మాయమై ఖాతా సగానికి పడుతుంది, మరుసటి నిమిషం తిరిగి లేస్తుంది. తప్పుడు ధరతో ఒక నిమిషం పైకి లేచినా అంతే అపాయం. ఆ దొంగ శిఖరం గుర్తు చెరగదు, దాని తర్వాత వచ్చే ప్రతి డ్రాడౌన్‌నూ అది పెంచుతుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక్క వరుసలోనే పడి, తర్వాతి వరుసలో సరిగ్గా పాత చోటికి వచ్చిన కదలిక సాధారణంగా మార్కెట్‌ది కాదు. నిజమైన పతనం నుంచి తేరుకోవడానికి వరుసలు పడతాయి, అంకె కూడా అదే చోట ఆగదు. అనుమానం వచ్చిన వరుసను చెరిపేయకుండా పక్కన గుర్తు పెట్టి లెక్కలోంచి తప్పించాలి. చెరిపితే తర్వాత ఎవరూ సరిచూడలేరు. ఇష్టం లేని నష్టాలను కూడా దొంగ వరుసలని పేరు పెట్టి తీసేయాలన్న కోరిక చాలా బలమైనది. ధర రానప్పుడు రొటీన్ సున్నా రాయకుండా ఆ వరుసను ఖాళీగా వదలడం అన్నిటికన్నా మేలు.

పై కోడ్‌లో `peak` ఎక్కడ ఉంటుందో కూడా చూసుకోవాలి. నడుస్తున్న ఆల్గోలో అది మెమరీలో ఉంటే, కరెంటు పోయి కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు శిఖరం కూడా కొత్తగా మొదలవుతుంది. ఆరు శాతం కింద ఉన్న ఖాతా, డ్రాడౌన్ సున్నా అని తాపీగా చెబుతుంది. మొదలైన ప్రతిసారీ ఫైలును మొదటి వరుస నుంచి చదివి శిఖరాన్ని మళ్లీ కట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఏడాది పొడవునా నిమిషానికో వరుస రాసినా ఫైలు పరిమాణం ఇవాళ్టి కంప్యూటర్‌కు లెక్కలోది కాదు.

షార్ప్ సంగతి

అమెరికా ఆర్థికవేత్త విలియం షార్ప్ 1966లో మ్యూచువల్ ఫండ్ల పనితీరును పోల్చడానికి ఈ కొలత తెచ్చారు. ఆయన పెట్టిన పేరు వేరు. షార్ప్ రేషియో అన్నది తర్వాత లోకం పెట్టిన పేరు. 1990లో హ్యారీ మార్కోవిట్జ్, మెర్టన్ మిల్లర్‌లతో కలిసి ఆయన ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. కొలత వెనక ఆలోచన తేలిక. రిస్కు లేకుండా వచ్చే రాబడికి పైన ఎంత సంపాదించారు, దాని కోసం రోజువారీ ఎన్ని ఒడిదొడుకులు భరించారు? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే షార్ప్.

```
r = daily_return - 0.065 / 250
sharpe = r.mean() / r.std(ddof=1) * 250 ** 0.5
```

ఇందులో 0.065 అంటే రిస్కు లేని రాబడి ఏడాదికి 6.5 శాతమని మన అంచనా. 91 రోజుల ట్రెజరీ బిల్లు మీద ఆ కాలంలో ఎంత వస్తోందో చూసి వేసుకోవాలి. ఎన్‌ఎస్‌ఈ ఏడాదిలో సుమారు 250 రోజులు పనిచేస్తుంది కాబట్టి రోజుకు 0.026 శాతం. చివర్లో 250కి వర్గమూలం, అంటే 15.8తో హెచ్చించడం రోజువారీ అంకెను ఏడాది అంకెగా మార్చడానికి. సగటు రాబడి రోజులతో పాటు పెరుగుతుంది. ఒడిదొడుకులు మాత్రం ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటూ రోజుల వర్గమూలంతోనే పెరుగుతాయి. అందుకే వర్గమూలం.

మన ఫైలుతో చేసి చూద్దాం. రోజువారీ రాబడులు శాతాల్లో వరుసగా 1.00, 0.99, మైనస్ 2.00, మైనస్ 2.04, మైనస్ 1.00, 1.20, 0, 0.80, మైనస్ 0.50, 1.50. కూడితే మైనస్ 0.05. సగటు దాదాపు సున్నా, మైనస్ 0.005 శాతం. రిస్కు లేని రాబడి 0.026 తీసేస్తే మైనస్ 0.031. స్టాండర్డ్ డీవియేషన్ 1.32 శాతం. భాగించి 15.8తో హెచ్చిస్తే మైనస్ 0.37.

మొదటి మనిషి లెక్కలో ఐదో రోజు రాబడి మైనస్ ఒకటి కాదు, 4,89,600 నుంచి 5,83,704కు ప్లస్ 19.22 శాతం. సగటు 2.02 శాతానికి ఎగిరింది. స్టాండర్డ్ డీవియేషన్ కూడా 6.18కి పెరిగింది కానీ సగటు పెరిగినంతగా కాదు. ఫలితం 5.1. యజమాని తన జేబులోంచి వేసుకున్న లక్ష, ఆల్గో ప్రతిభగా మారిపోయింది.

ఇక్కడ పాఠకుడికి ఒక సందేహం రావాలి. యజమాని వేసింది మొత్తం ఆరు లక్షలు, చివర్లో ఉన్నది రూ. 6,01,344. అంటే రూ. 1,344 లాభం. మరి సూచీ 100 నుంచి 99.87కి దిగి నష్టం చూపుతోందేం? పెద్ద నష్టాలు ఐదు లక్షల మీద వచ్చాయి, తర్వాతి లాభాలు ఆరు లక్షల మీద వచ్చాయి. డబ్బు వేసిన వేళ కలిసొచ్చింది. ఆ వేళను ఎంచుకున్నది ఆల్గో కాదు, యజమాని. ఆల్గో ఎలా ఆడిందో తెలియాలంటే సూచీ చూడాలి. యజమానికి ఎంత మిగిలిందో తెలియాలంటే రూపాయలు చూడాలి. షార్ప్, డ్రాడౌన్ మొదటి ప్రశ్నకు చెందినవి.

ఏడో రోజు రాబడి సున్నా. ఆ రోజు ఆల్గో ట్రేడ్ చేయలేదు. ఇలాంటి రోజులను తీసేసి, ట్రేడ్ చేసిన రోజులతోనే షార్ప్ కట్టడం తరచు కనిపించే మోసం. చాలాసార్లు తెలియక చేసేదే. పది రోజులకోసారి ట్రేడ్ చేసే పద్ధతి ఆ ఒక్క రోజు సగటునే తీసుకుని, ఏడాదికి 250 రోజులూ అలాగే చేసినట్టు 15.8తో హెచ్చిస్తే షార్ప్ మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. డబ్బు ఖాళీగా కూర్చున్న రోజు కూడా రోజే.

తప్పిపోయిన రోజులు ఇందుకు భిన్నం. బుధ, గురువారాలు రొటీన్ ఆగిపోయి శుక్రవారం మళ్లీ రాసిందనుకోండి. శుక్రవారం వరుసలో కనిపించేది మూడు రోజుల కదలిక, ఒక్కరోజుది కాదు. లెక్కకు ముందు ఫైలులోని తేదీలను ఎన్‌ఎస్‌ఈ సెలవుల జాబితాతో సరిపోల్చుకోవాలి. లోటు కనిపిస్తే ఆ రోజుల విలువలను బ్రోకర్ పంపే స్టేట్‌మెంట్ల నుంచి తెచ్చి నింపవచ్చు. మధ్యలో సరళరేఖ గీసి నింపకూడదు. గీత నున్నబడుతుంది, ఒడిదొడుకులు తగ్గుతాయి, షార్ప్ ఊరికే పెరుగుతుంది.

మరి నిమిషానికో వరుస ఉన్నప్పుడు దానితోనే షార్ప్ ఎందుకు కట్టకూడదు? ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా 375 నిమిషాలు, ఏడాదికి 93,750, దాని వర్గమూలం 306. లెక్క కుదురుతుంది. కానీ వర్గమూలం వెనక ఒక షరతు ఉంది: ఒక కదలికకూ తర్వాతి కదలికకూ సంబంధం ఉండకూడదు. ఆ షరతు తప్పినప్పుడు వర్గమూలంతో హెచ్చించడం ఎంత దారి తప్పిస్తుందో ఆండ్రూ లో 2002లో ఒక వ్యాసంలో లెక్కలతో చూపించారు. నిమిషాల స్థాయిలో ఈ షరతు దాదాపు ఎప్పుడూ నిలవదు. ట్రేడ్ కాని ఆప్షన్ ధర పది నిమిషాలు కదలకుండా ఉండి ఒక్కసారి గెంతుతుంది. పైగా రాత్రి మూసినప్పటి నుంచి ఉదయం తెరిచేదాకా వచ్చే గ్యాప్, 375 నిమిషాల్లో దేనికీ చెందదు. దాన్ని వదిలేసి కట్టేవారున్నారు. ఇలా డ్రాడౌన్‌కు నిమిషాల వరుసలు, షార్ప్‌కు సాయంత్రపు వరుసలు వాడడమే నాకు సబబుగా తోస్తుంది.

ఎన్నాళ్ల ఫైలు కావాలి?

పది రోజుల ఫైలుతో వచ్చిన మైనస్ 0.37కు కూడా విలువ లేదు. 5.1 అబద్ధమని చూపడానికే అది పనికొచ్చింది. షార్ప్ ఒక అంచనా, దానికి దాని తప్పు ఉంటుంది. గుర్తుంచుకోవడానికి తేలికైన లెక్క ఒకటుంది. ఒకటిని ఫైలు ఎన్నేళ్లదో దాని వర్గమూలంతో భాగిస్తే, ఏడాది షార్ప్‌లో ఉండే ప్రామాణిక దోషం సుమారుగా వస్తుంది. ఏడాది ఫైలుకు దోషం 1. మూడు నెలల ఫైలుకు 2. నాలుగేళ్ల ఫైలుకు 0.5.

మూడు నెలలు నడిచిన ఆల్గో షార్ప్ 2 అని ఎవరైనా చూపిస్తే, దోషానికి రెండు రెట్లు అటూ ఇటూ వేసి చూడండి. అసలు విలువ మైనస్ 2 నుంచి 6 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. నిజంగా షార్ప్ 1 ఉన్న మంచి పద్ధతిని, ఏమీ లేని పద్ధతి నుంచి ఇదే కొలబద్దతో విడదీసి చూపాలంటే నాలుగేళ్ల రికార్డు కావాలి. ఆల్గోలు అమ్మేవారి చేతిలో సాధారణంగా అంత లైవ్ రికార్డు ఉండదు, బ్యాక్‌టెస్ట్ ఉంటుంది. నియంత్రణలో లేని వేదికలు ఇలా రాబడులు చెప్పుకుంటున్నాయని గమనించి, ఆల్గోల గత రాబడులనూ రాబోయే రాబడులనూ బ్రోకర్లు ప్రచారం చేయరాదని సెబీ 2022 సెప్టెంబరులో సర్క్యులర్ ఇచ్చింది. చిన్న మదుపరుల ఆల్గో ట్రేడింగ్‌కు విడిగా నిబంధనలు 2025 ఫిబ్రవరిలో వచ్చాయి.

డ్రాడౌన్‌కూ కాలానికీ ఉన్న సంబంధం ఇంకో తీరు. ఫైలు పొడుగయ్యే కొద్దీ మాగ్జిమమ్ డ్రాడౌన్ పెరగాలి, లేదా అక్కడే ఉండాలి. తగ్గే వీలే లేదు. కాబట్టి మూడు నెలల ఆల్గోలో 5 శాతం డ్రాడౌన్‌ను చూసి నిఫ్టీ కన్నా భద్రమైనదని అనడం అర్థం లేని పోలిక. నిఫ్టీ 2020 జనవరి 14న 12,362 దగ్గర ముగిసి, కోవిడ్ లాక్‌డౌన్ వేళ మార్చి 23న 7,610కి పడింది. అది 38.4 శాతం. పాత స్థాయి పైన మళ్లీ ముగిసింది నవంబరులో. ఆ రోజులు ఫైలులో లేని ఆల్గోకు అలాంటి రోజు ఎలా ఉంటుందో ఇంకా తెలియదు.

ఆప్షన్లు అమ్మే పద్ధతుల్లో ఈ రెండు అంకెలూ కలిసి మోసం చేస్తాయి. నెలల తరబడి రోజూ కొద్దికొద్దిగా ప్రీమియం వస్తుంది, ఒడిదొడుకులు తక్కువ, షార్ప్ 3 దాటుతుంది, డ్రాడౌన్ రెండు శాతం. పెద్ద నష్టం ఎప్పుడో ఒక్కరోజు వస్తుంది. అది వచ్చేదాకా ఫైలులో దాని జాడ ఉండదు. ఒడిదొడుకులను కొలిచే షార్ప్ ఇంకా జరగని ఒడిదొడుకును కొలవలేదు. ఇలాంటి ఫైలు చేతికొస్తే షార్ప్ కన్నా ముందు, 2024 జూన్ 4 అందులో ఉందా లేదా అని చూస్తాను.

లైవ్‌లో డ్రాడౌన్ అసలు ఉపయోగం ఆల్గోను ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించుకోవడం. పది శాతం పోతే తిరిగి రావడానికి 11 శాతం చాలు. ఇరవై పోతే 25, యాభై పోతే 100 శాతం కావాలి. బ్యాక్‌టెస్ట్‌లో మాగ్జిమమ్ డ్రాడౌన్ 8 శాతమని, లైవ్‌లో 8 దాటగానే ఆపేయాలని చాలామంది గీత గీస్తారు. బ్యాక్‌టెస్ట్‌లోని 8 రోజువారీ ముగింపుల మీద వచ్చింది, లైవ్ రొటీన్ చూసేది నిమిషాలను. ముగింపుల లెక్కలో 5 శాతం కింద ఉన్న ఖాతా నిమిషాల లెక్కలో 8 తాకవచ్చు. అప్పుడు ఆల్గో తన హద్దుల్లో ఉండగానే ఆగిపోతుంది. ఆపే గీత దేనిమీద గీశారో దానితోనే కొలవాలి. నిమిషాల విలువలతో ఆపాలనుకుంటే బ్యాక్‌టెస్ట్‌ను కూడా నిమిషాల ధరలతో మళ్లీ నడిపి, అక్కడ వచ్చిన అంకెను తెచ్చి పెట్టుకోవాలి.